సంఖ్యకు, మాటకు నడుమ ‘సుగ్గి’: మిశ్రమ పరిశోధనా పద్ధతికి వ్యావహారికసత్తావాదం ఆధారం కావడంలోని ఔచిత్యం

మిశ్రమ పద్ధతిలో సాగిన సిద్ధాంత వ్యాసాలను తెరిస్తే పద్ధతుల అధ్యాయంలో ఒక వాక్యం తరచుగా ఎదురవుతుంది: ఈ పరిశోధనకు వ్యావహారికసత్తావాదం తాత్త్విక భూమిక. ఆ వాక్యం తరువాత ప్రశ్నావళి వివరాలు, ముఖాముఖి సంభాషణల వివరాలు వేరువేరుగా వస్తాయి. ఆ తాత్త్విక భూమిక వల్ల ఏ నిర్ణయం మారిందో మాత్రం చాలాచోట్ల కనిపించదు. ఆ వాక్యాన్ని తొలగించినా పరిశోధనలో ఒక్క అక్షరం మారకపోతే, అది భూమిక కాదు, ఆచారం మాత్రమే. మిశ్రమ పద్ధతి వ్యావహారికసత్తావాదాన్ని ఎందుకు ఆశ్రయించింది, ఆ ఆశ్రయం ఎప్పుడు సార్థకమవుతుంది అన్న రెండు ప్రశ్నలను కర్నూలు జిల్లా పశ్చిమ ప్రాంతంలోని ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లో వాడుకలో ఉన్న ‘సుగ్గి’ అనే మాట ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1. పదం తెచ్చిన చిక్కు

ప్రాగ్మాటిజానికి తెలుగు విద్యాశాస్త్ర గ్రంథాలలో స్థిరపడిన పర్యాయపదం ‘వ్యావహారికసత్తావాదం’. ఈ పదం తెలుగు పాఠకుణ్ణి ముందుగా అద్వైత పరిభాష వైపు తీసుకువెళ్తుంది. ప్రాతిభాసిక, వ్యావహారిక, పారమార్థిక సత్తల వరుసలో వ్యావహారికం నడిమి మెట్టు. దానికి పైన మరొక పరమసత్యం ఉన్నదన్న ధ్వని ఆ పదంలో అంతర్లీనంగా ఉంటుంది. అమెరికాలో పుట్టిన ఈ వాదానికి అటువంటి మెట్ల వరుస లేదు. వ్యవహారంలో తేలే సత్యానికి ఆవల మరొక ఉన్నత సత్యాన్ని అది ప్రతిపాదించదు. మరికొందరు దీనిని ‘ఉపయోగితావాదం’తో కలిపివేస్తారు. అది అత్యధికుల సుఖాన్ని కొలమానంగా తీసుకునే నీతిసిద్ధాంతం. జ్ఞానం ఎలా సిద్ధిస్తుందన్న ప్రశ్నతో దానికి నేరుగా సంబంధం లేదు.

చార్లెస్ శాండర్స్ పియర్స్ 1878లో చేసిన ప్రతిపాదన సారాంశం ఇది: ఒక భావం వల్ల ఆచరణలో ఏయే ఫలితాలు కలుగుతాయని ఊహించగలమో, ఆ ఫలితాల సమాహారమే ఆ భావానికి అర్థం. విలియం జేమ్స్ 1907 నాటి ఉపన్యాస గ్రంథంలో దీనిని సత్యసిద్ధాంతంగా విస్తరించాడు. ఆ విస్తరణ పియర్స్‌కు రుచించలేదు. తన సిద్ధాంతానికి 1905లోనే ఆయన ‘ప్రాగ్మాటిసిజం’ అనే వేరు పేరు పెట్టుకున్నాడు. జాన్ డ్యూయీ 1938లో వెలువరించిన తర్కగ్రంథం పరిశోధకులకు అన్నిటికంటె దగ్గరిది. ఆయన దృష్టిలో అన్వేషణ అనేది అనిశ్చిత పరిస్థితిలో మొదలై, ఆ పరిస్థితిని నిశ్చితంగా మార్చే ప్రయత్నం. అది ముగిసేచోట లభించేది శాశ్వత సత్యం కాదు. తగిన ఆధారంతో ప్రకటించదగినది, మరొక అన్వేషణలో సవరణకు లోబడేది అయిన ఒక నిర్ణయం లభిస్తుంది. ‘ఏది పనికివస్తే అదే సత్యం’ అనే సులభసూత్రానికీ దీనికీ ఎంత దూరమో ఈ క్రమాన్ని గమనిస్తే తెలుస్తుంది.

2. మిశ్రమ పద్ధతికి ఈ ఆశ్రయం ఎందుకు అవసరమైంది?

థామస్ కూన్ 1962లో ప్రచారంలోకి తెచ్చిన ‘పారడైమ్’ భావనను సామాజిక పరిశోధకులు తమకు అన్వయించుకున్న తరువాత ఒక వాదం బలపడింది. సంఖ్యలతో పనిచేసేవాడు పరిశోధకుడికి బయట ఒకే వాస్తవం ఉన్నదని నమ్ముతాడు. సంభాషణలతో పనిచేసేవాడు వాస్తవాలు మనుషుల అనుభవాలలో నిర్మితమవుతాయని నమ్ముతాడు. ఈ రెండు నమ్మకాలూ పరస్పర విరుద్ధాలు కనుక రెండు పద్ధతులనూ ఒకే పరిశోధనలో కలపడం తర్కవిరుద్ధమని ఆ వాదం తేల్చింది. లింకన్, గూబా 1985లో ప్రకటించిన గ్రంథం ఈ ఆలోచనకు ప్రధాన ఆధారాలలో ఒకటి.

దీనికి కెన్నెత్ హోవ్ 1988లో సమాధానం చెప్పాడు. తత్త్వం ముందు స్థిరపడి, పద్ధతి దానికి లొంగి నడవాలన్న నియమాన్నే ఆయన ప్రశ్నించాడు. ఆచరణలో విజయవంతంగా కలుస్తున్న పద్ధతులను తత్త్వం కలవరాదని శాసించజాలదని, పరిశోధన ఆచరణకూ తత్త్వానికీ పరస్పర సవరణ ఉండాలని ఆయన వాదన. జాన్సన్, ఒన్‌వుగ్బూజీ 2004లో మిశ్రమ పద్ధతిని మూడవ పరిశోధనా చట్రంగా ప్రతిపాదిస్తూ ప్రాగ్మాటిజాన్నే తాత్త్విక సహచరిగా ఎంచుకున్నారు. డేవిడ్ మోర్గన్ 2007లో దీనికి స్పష్టమైన రూపం ఇచ్చాడు. ఆయన ప్రకారం నిగమన, ఆగమన మార్గాల మధ్య పరిశోధకుడు ఆచరణలో అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాడు. ఒక ఆశ్చర్యకర విషయం కనబడినప్పుడు దానిని వివరించగల ఊహను కల్పించుకొని, ఆ ఊహను మళ్లీ పరీక్షకు పెడతాడు.

ఈ ఊహాకల్పనకు మీమాంసకుల అర్థాపత్తి పోలిక గుర్తుకు వస్తుంది. పగలు తినని దేవదత్తుడు లావుగా ఉన్నాడంటే రాత్రి తింటున్నాడని ఊహించక తప్పదు. అయితే మీమాంసలో అర్థాపత్తి ప్రమాణం, అంటే నిశ్చయజ్ఞానాన్ని ఇచ్చేది. పియర్స్ చెప్పిన ఊహాకల్పన పరీక్షకు నిలవవలసిన ప్రతిపాదన మాత్రమే. మిశ్రమ పద్ధతికి కావలసినది ఈ రెండవదే. ఒక పద్ధతిలో పుట్టిన ఊహను మరొక పద్ధతిలో పరీక్షించే అవకాశం ఉన్నప్పుడే రెండు పద్ధతులను కలపడానికి కారణం ఏర్పడుతుంది.

3. సుగ్గి: ఒక అనిశ్చిత పరిస్థితి

ఆదోని తాలూకా 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడేవరకు బళ్లారి జిల్లాలో ఉండేది. ఆ తరువాత అది కర్నూలు జిల్లాలో చేరింది. పరిపాలన సరిహద్దు మారినా నోటిమాటకు ఆ సరిహద్దు అడ్డం రాలేదు. తెలుగు, కన్నడ, ఉర్దూ కలిసి నడిచే ఈ సీమలో కన్నడ వాసన గల పదాలు వ్యవసాయ వ్యవహారంలో సహజంగా వినిపిస్తాయి. ‘సుగ్గి’ వాటిలో ఒకటి. కన్నడంలో అది కోతలకాలం, పంట ఇంటికి వచ్చే కాలం, పండుగ వాతావరణం గల పదం. పశ్చిమ కర్నూలు పల్లెల్లో ‘సుగ్గికి పోవడం’ అంటే ఊళ్లో పనులు ముగిశాక ఇంటికి తాళం వేసి, పంట చేతికొచ్చే దూరప్రాంతాలకు కూలికి తరలడం. గుంటూరు సీమలోని మిరపకోతలు ఇటువంటి గమ్యాలలో ప్రసిద్ధమైనవి. పంట తమది కాని చోటికి వెళ్లడాన్ని పంటకాలం పేరుతోనే పిలవడం ఈ పదంలోని అర్థపరిణామం.

పరిశోధకుడికి ఇక్కడ ఎదురయ్యే ప్రశ్న పైకి చాలా చిన్నది: ఒక పల్లె నుండి ఏటా ఎంతమంది సుగ్గికి పోతున్నారు? బడి పిల్లలకు తాత్కాలిక వసతి ఎన్ని నెలలు నడపాలి, ఉపాధి హామీ పనులు ఏ నెలలో తెరవాలి అన్న నిర్ణయాలు ఈ జవాబుపై ఆధారపడతాయి. కాని లెక్కపెట్టే ముందే ‘సుగ్గి’ని ‘వలస’గా అనువదించుకోవలసి వస్తుంది. ఆ అనువాదంలోనే చిక్కు మొదలవుతుంది.

జాతీయ నమూనా సర్వే సంస్థ 55వ విడత (1999–2000) స్వల్పకాలిక వలసకు 60 రోజుల కనీస గడువు పెట్టింది. 64వ విడత (2007–08) దానిని 30 రోజులకు తగ్గించింది. రెండింటిలోను ఉపాధి కోసం లేదా ఉపాధి వెదుకులాటలో ఊరు విడవడమే షరతు. ఉదాహరణకు ఒక కుటుంబాన్ని ఊహించవచ్చు. భార్యాభర్తలు, 16 ఏళ్ల కొడుకు మిరపకోతకు వెళ్లి 45 రోజుల్లో తిరిగివచ్చారు. తొమ్మిదేళ్ల కూతురు వారి వెంట వెళ్లింది. అవ్వ ఊళ్లోనే ఉంది. మొదటి నిర్వచనం ప్రకారం ఈ ఇంట వలస వెళ్లినవారు ఎవరూ లేరు. రెండవ నిర్వచనం ప్రకారం ముగ్గురు ఉన్నారు. ఆ ఊరివారిని అడిగితే ఇల్లంతా సుగ్గికి పోయింది, అవ్వ మాత్రం ఇంటికి కాపలా ఉంది. బడికి దూరమైన కూతురు ఏ అధికార నిర్వచనంలోను చేరదు, ఎందుకంటే ఆమె పనికోసం వెళ్లలేదు.

ఈ మూడు జవాబులలో ఏది సత్యం? పియర్స్ సూత్రాన్ని అనుసరిస్తే ప్రశ్న రూపం మారుతుంది. ఏ నిర్వచనం ఏ ఆచరణకు దారితీస్తుందో చూడాలి. పట్టణాలలో కార్మికుల సరఫరాను అంచనా వేసేవారికి 60 రోజుల గడువు సరిపోవచ్చు. బడి వసతిని నిర్ణయించేవారికి పనిచేసేవారి సంఖ్య కంటె వెంట వెళ్లిన పిల్లల సంఖ్య ముఖ్యం. అంటే ‘సుగ్గి’ అన్న భావానికి అర్థం దానివల్ల మూతపడే తలుపులోను, బడి హాజరుపట్టీలోని ఖాళీలోను, మేస్త్రీ దగ్గర తీసుకున్న బయానాలోను ఉంది. వీటిలో కొన్నిటిని లెక్కించవచ్చు. మరికొన్ని అడిగి వింటే తప్ప అందవు. సంఖ్యను, మాటను రెండింటినీ తీసుకోవలసిన అవసరం ఇక్కడ సమస్య స్వభావం నుండే పుడుతున్నది.

4. పద్ధతులు కలిసే చోట్లు

తెలుగు పరిశోధనకు ఈ మార్గం పూర్తిగా కొత్తది కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలను రైతుల నోటినుండి సేకరించింది. ఆ పదాల ప్రాంతీయ వ్యాప్తిని ఆధారం చేసుకొని మాండలిక మండలాల విభజన జరిగింది. మొదటిది విని గ్రహించే పని, రెండవది పంపిణీని లెక్కించి చూసే పని. మొదటి పని జరగనిదే రెండవదానికి దేనిని లెక్కించాలో తెలియదు. ఆనాటికి మిశ్రమ పద్ధతి అన్న పేరు వాడుకలో లేకున్నా, ఒక దశ ఫలితం తరువాతి దశకు సాధనం కావడం అందులో స్పష్టంగా ఉంది.

సుగ్గి విషయంలో ఈ క్రమం మూడు దశలుగా సాగవచ్చు. మొదటి దశ సంభాషణ. వెళ్లివచ్చినవారు, మేస్త్రీలు, ఊళ్లో మిగిలిన వృద్ధులు, ఉపాధ్యాయులు ఏ ప్రయాణాన్ని సుగ్గి అంటారో, దేనిని అనరో విని నమోదు చేయాలి. బెంగుళూరులో కట్టడం పనికి వెళ్లడం కూడా సుగ్గి అవుతుందా, పంటపనికే ఆ మాట పరిమితమా అన్నది ఇక్కడ తేలవలసిన ప్రశ్న. రెండవ దశలో ఈ వివరాల నుండి ప్రశ్నావళి తయారవుతుంది. ఈ దశలో ఒక చిన్న పరీక్ష ఎంతో విలువైనది. యాదృచ్ఛికంగా ఎంపికచేసిన సగం ఇళ్లను ‘వలస వెళ్లారా?’ అని, మిగిలిన సగం ఇళ్లను ‘సుగ్గికి పోయివచ్చారా?’ అని అడగాలి. రెండు సగాలలో జవాబులు గణనీయంగా భిన్నమైతే, ఆ తేడా ఇళ్ల మధ్య తేడా కాదు, పదం తెచ్చిన తేడా. మాటను గురించి సంభాషణలో పుట్టిన అనుమానాన్ని సంఖ్య ద్వారా నిగ్గుతేల్చడమంటే ఇదే. మూడవ దశలో లెక్కకు లొంగని ఇళ్లకు మళ్లీ వెళ్లి అడగాలి.

రెండవ దశలో ఒక లోపం దాదాపు తప్పనిసరిగా చొరబడుతుంది. కేవలం వివరణ కోసం కొన్ని అంకెలు ఊహించి దానిని చూడవచ్చు. ఫిబ్రవరిలో ఒక పల్లెలో 40 ఇళ్లను నమూనాగా ఎంచుకున్నారు. 12 ఇళ్లకు తాళాలు ఉన్నాయి. గణకుడు వాటికి బదులు పక్కన తెరిచి ఉన్న 12 ఇళ్లను చేర్చుకున్నాడు. మొదట ఎంచిన వాటిలో తెరిచి ఉన్న 28 ఇళ్లలో 7, బదులు చేర్చిన 12 ఇళ్లలో 3 ఇళ్ల నుండి ఎవరో ఒకరు సుగ్గికి వెళ్లినట్లు తేలింది. మొత్తం 40లో 10, అంటే 25 శాతం. తాళం వేసిన 12 ఇళ్లవారూ సుగ్గికే వెళ్లి ఉంటే నిజమైన లెక్క 40లో 19, అంటే 47.5 శాతం. నమూనా పరిమాణాన్ని పెంచితే ఈ దోషం తగ్గదు. వెళ్లినవారే దొరకనివారు కావడం దీనికి మూలం. తాళం వేసిన ఇళ్లను విడిగా నమోదు చేసి, పొరుగువారిని అడిగి, ఉగాది తరువాత వారు తిరిగివచ్చాక మళ్లీ వెళ్లి చూస్తేనే దీనిని సరిదిద్దగలం. అయితే ఫిబ్రవరి మాసం సుగ్గికాలమన్న సంగతిని గణకుడికి చెప్పేది మొదటి దశలోని సంభాషణే. అది లేకపోతే తాళం కేవలం ‘స్పందన లేని ఇల్లు’ అన్న గడిలో పడిపోతుంది.

5. పొసగని ఫలితాలు

రెండు పద్ధతుల ఫలితాలు ఏకీభవించినప్పుడు పరిశోధకులు దానిని ధ్రువీకరణగా చూపుతారు. ఏకీభవించనప్పుడు ఒకదానిని పక్కకు నెట్టడం సాధారణం. గ్రీన్, కరాసెలీ, గ్రాహం 1989లో మిశ్రమ పద్ధతికి ఐదు ప్రయోజనాలను గుర్తించారు. వాటిలో ధ్రువీకరణ ఒకటి మాత్రమే. వైరుధ్యాన్ని వెదికి, దాని నుండి కొత్త ప్రశ్నను పుట్టించడాన్ని వారు ప్రత్యేక ప్రయోజనంగా చెప్పారు. వ్యావహారికసత్తావాదం నిజంగా పనిచేస్తున్నదా లేదా అన్నది ఈ సందర్భంలోనే బయటపడుతుంది.

ఒక ఇంటివారు తమ కూతురు మూడు నెలలు తమ వెంట మిరపకోతల దగ్గర ఉందని చెప్పారనుకుందాం. బడి హాజరుపట్టీలో ఆ మూడు నెలలూ ఆమె హాజరై ఉంది. సంఖ్య మాత్రమే తెలిసినవారు పట్టీని నమ్ముతారు. అనుభవాన్ని మాత్రమే వినేవారు ఇంటివారిని నమ్ముతారు. డ్యూయీ దృష్టిలో ఇది కొత్త అనిశ్చిత పరిస్థితి. దీనికి కనీసం మూడు ఊహలు సాధ్యం: ఆమె కొన్ని వారాలు వెంట ఉండి, తరువాత బడి వసతికి తిరిగివచ్చి ఉండవచ్చు. ఇంటివారు నిరుటి సంవత్సరాన్ని చెప్పి ఉండవచ్చు. పట్టీ వాస్తవానికి భిన్నంగా నిండి ఉండవచ్చు. ఒక్కొక్క ఊహ నిజమైతే మరొకచోట ఏ ఆనవాలు మిగలాలో ఆలోచించాలి. మొదటిది నిజమైతే వసతిగృహం భోజనాల లెక్కలో ఆమె చేరిన తేదీ ఉంటుంది. రెండవది నిజమైతే నిరుటి పట్టీలో ఖాళీ ఉంటుంది. మూడవది నిజమైతే అదే తరగతిలో సుగ్గికి పోయిన ఇతర పిల్లల వరుసలలో కూడా అదే తీరు కనిపిస్తుంది. ఈ పరీక్ష ముగిసేసరికి ‘ఎంతమంది పిల్లలు వెళ్తున్నారు?’ అన్న మొదటి ప్రశ్న ‘పిల్ల ఊళ్లో నిలవడానికి ఏ ఏర్పాటు పనికివచ్చింది, అది ఎక్కడ విఫలమైంది?’ అన్న ప్రశ్నగా మారుతుంది. ప్రశ్నలోనే వచ్చిన ఈ మార్పు రెండు పద్ధతులు నిజంగా కలిశాయనడానికి నిదర్శనం.

6. ఈ ఆశ్రయానికి హద్దులు

వ్యావహారికసత్తావాదం లేకుండా మిశ్రమ పద్ధతి నిలవదనడం అతిశయోక్తి. డోనా మెర్టెన్స్ ప్రతిపాదించిన పరివర్తనాత్మక చట్రం సామాజిక న్యాయాన్ని ఆధారంగా చేసుకొని రెండు పద్ధతులనూ కలుపుతుంది. భిన్న దృక్పథాలను ఏకం చేయకుండా వాటి సంవాదాన్నే కొనసాగించాలన్న పక్షం కూడా ఉంది. వీటి నుండి వచ్చే బలమైన ఆక్షేపణ ఒకటే: ఫలితాన్ని బట్టి భావాన్ని తూచేటప్పుడు ఆ ఫలితం ఎవరికి? అధికారికి ఉపయోగపడే సంఖ్య కూలీకి హానికరం కావచ్చు. సుగ్గికి పోయిన కుటుంబాల జాబితా బడి వసతికి ఎంత పనికివస్తుందో, ఊళ్లో లేరన్న కారణంతో వారి పేరును ఏదో ఒక లబ్ధి నుండి తొలగించడానికీ అంతే పనికిరాగలదు.

ఈ ఆక్షేపణకు ‘పనికివచ్చేదే సత్యం’ అన్న స్థూలరూపం జవాబు చెప్పలేదు. డ్యూయీ రూపం కొంతవరకు చెప్పగలదు. అనిశ్చిత పరిస్థితిలో చిక్కుకున్నవారు అన్వేషణలో భాగస్వాములని ఆయన భావించాడు కనుక, పరిష్కారం ఎవరికి పరిష్కారమో వారిని అడగక తప్పదు. అయినా ఒక లోటు మిగులుతుంది. వర్షాభావం, సాగునీటి కొరత, అప్పు, మేస్త్రీ బయానా ఇవన్నీ కలిసి సుగ్గిని ఎలా అనివార్యం చేస్తాయన్న ప్రశ్నకు ఒక తక్షణ నిర్ణయం ఫలితాన్ని బట్టి జవాబు దొరకదు. వసతిగృహం బాగా నడిచిందన్న నిర్ధారణ, కుటుంబం ఎందుకు వెళ్లవలసివస్తున్నదన్న ప్రశ్నను మరుగుపరచే ప్రమాదం ఉంది. సమస్యను పరిష్కరించదగినంత చిన్నదిగా కత్తిరించుకోవడం ఈ వాదంలోని బలం. అదే దాని బలహీనత కూడా.

7. ఉపసంహారం

మిశ్రమ పద్ధతి వ్యావహారికసత్తావాదాన్ని ఆశ్రయించడానికి కారణం అది రెండు శిబిరాలనూ సంతృప్తిపరచే రాజీ కావడం కాదు. వాస్తవ స్వరూపాన్ని గురించిన వివాదం తేలేవరకు ఆగకుండా, పరిశోధన ప్రశ్ననూ దాని ఫలితాలనూ న్యాయనిర్ణేతగా నిలబెట్టడం వల్ల సంఖ్య, మాట ఒకదానినొకటి పరీక్షించుకునే చోటును అది కల్పించింది. సుగ్గి ఉదాహరణలో సంభాషణ గణకుడికి తాళం అర్థాన్ని చెప్పింది. పదాల పరీక్ష సంభాషణలోని అనుమానాన్ని కొలిచింది. హాజరుపట్టీతో వచ్చిన వైరుధ్యం ప్రశ్ననే మార్చింది.

అందువల్ల ఒక సిద్ధాంత వ్యాసంలో ఈ వాదం పేరు కనబడినప్పుడు పరీక్షకులు అడగదగిన ప్రశ్నలు రెండు. ఒక పద్ధతి ఫలితం వల్ల రెండవ పద్ధతిలో ఏ ప్రశ్న, ఏ నమూనా, ఏ పదం మారింది? ఫలితాలు పొసగనిచోట ఏ ఊహలు కల్పించి, వేటిని దేనితో పరీక్షించారు? తెలుగు శాఖలలో జరిగే పరిశోధనకు ఇందులో ప్రత్యేకమైన బాధ్యత కూడా ఉంది. ‘వలస’ అని అడిగి ‘సుగ్గి’ని లెక్కించలేమన్న సంగతి గణాంకశాస్త్రం తనంతట కనిపెట్టలేదు. ఒక పదం ఏ ఊళ్లో ఏ అర్థంలో నిలిచి ఉందో తెలిసినవారు ప్రశ్నావళి రాసేచోట ఉన్నప్పుడే ఆ లెక్క ప్రకటించదగినది అవుతుంది.